రిపీట్ డిజైన్‌లో గీత ఎక్కడి నుంచి వస్తోంది?

బట్ట మీద పదేపదే అచ్చయ్యే ముక్క, అంటే టైల్, ఒక్కటే చూసి బాగుందనుకోవడం పొరపాటు. అడ్డంగా మూడు, నిలువుగా మూడు పేర్చి చూస్తేనే లోపం బయటపడుతుంది.

సమస్య: టైళ్ల మధ్య సన్నటి గీత

ముందు 100% జూమ్‌లో చూడండి. అక్కడ గీత మాయమైతే అది తెర చూపే తేడా మాత్రమే, డిజైన్‌ను ముట్టుకోవద్దు. అక్కడా ఉంటే, చాలాసార్లు కారణం కొలత. 24 సెంటీమీటర్ల టైల్‌ను 150 డిపిఐలో పెడితే 1417.3 పిక్సెళ్లు వస్తాయి. ఆ మిగులు భాగం వల్ల అంచు పిక్సెళ్లు సగం పారదర్శకమైపోవచ్చు. కొలతను సరిసంఖ్య పిక్సెళ్లలోనే పెట్టండి. 1440 అయితే సగం 720, లెక్క తేలిక. అచ్చులో టైల్ సుమారు 24.4 సెంటీమీటర్లు అవుతుంది.

సమస్య: అంచులు కలిశాయి, అయినా బట్ట మీద అడ్డంగా ఖాళీ దారులు

ఎక్కువగా కనిపించే లోపం ఇదే, చాలామంది దీన్ని అతుకు అనుకుని అంచుల దగ్గరే వెతుకుతారు. ఉదాహరణకు 1440 పిక్సెళ్ల పూల టైల్ తీసుకుందాం. పువ్వు తెగిపోతుందన్న భయంతో గీసినవాళ్లు చుట్టూ వంద పిక్సెళ్లు ఖాళీ వదిలారు. పక్క టైల్ ఖాళీ కూడా కలిసి రెండు వందల పిక్సెళ్ల దారి అయింది. ఇక్కడ తప్పు అంచుది కాదు, అమరికది.

ఫోటోషాప్‌లో Filter > Other > Offset తెరిచి, రెండు దిక్కులా 720 ఇచ్చి, Wrap Around ఎంచుకోండి. ఖాళీ అంతా నడిమికి వచ్చి కూడిక గుర్తులా కనిపిస్తుంది. ఒక తీగను ఆ ఖాళీకి అడ్డంగా దాటించండి. మొగ్గల్ని వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు దిక్కులకు తిప్పి పెట్టండి. ఒకే వరుసలో నింపితే ఖాళీ గీత బదులు నిండు గీత వస్తుంది. కొత్తగా గీసినవి అంచుల్ని తాకకూడదు, తాకితే కుదిరిన అంచు మళ్లీ చెడుతుంది.

హాఫ్ డ్రాప్ చేస్తే, అంటే పక్క నిలువు వరుసను సగం ఎత్తు కిందికి జరిపితే, అడ్డ వరుస చెదురుతుంది. కానీ అప్పుడు ఏటవాలు గీతలు పుట్టవచ్చు. నా మటుకు, అమరిక సరిచేయకుండా హాఫ్ డ్రాప్‌కి పోవడం లోపాన్ని పక్కకు జరపడమే. అచ్చు వేసేవారి దగ్గర ఆ సౌకర్యం లేకపోతే రెండు నిలువు వరుసల్ని కలిపి 2880 × 1440 టైల్‌గా ఇవ్వండి.

సమస్య: దూరం నుంచి చుక్కల వరుస

టైల్‌కి ఒక్కటే ముదురు ఎర్ర పువ్వు ఉంటే, కన్ను దాన్నే లెక్కపెడుతూ పోతుంది. చిత్రాన్ని నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. చుక్క ఇంకా తేలితే ముదురుతనమే కారణం, పువ్వును కాస్త లేతచేయండి. మాయమైతే రంగు ఒక్కచోటే ఉండిపోయిందని అర్థం. అదే ఎరుపును చిన్న మొగ్గల్లో, ఆకు ఈనెల్లో రెండు మూడు చోట్ల వేయండి. కానీ ఆ చోట్లు సమదూరంలో ఉండకూడదు.