గర్భం నిలిచే ముందు థైరాయిడ్ మాత్ర: జాగ్రత్తలు

బిడ్డకు సొంత థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయడానికి అయిదో నెల దాకా పడుతుంది. అప్పటివరకు మెదడు ఎదుగుదలకు కావలసిన హార్మోన్ తల్లి రక్తం నుంచే అందాలి. అందుకే డాక్టరు ముందే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తారు; థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఈ అంకె పెరుగుతుంది. థైరాయిడ్ హార్మోన్ తక్కువై మాత్ర వాడేవారికి అది 2.5 లోపు ఉన్నాక గర్భానికి ప్రయత్నించడం మంచిది.

నెల తప్పగానే ఏం చేయాలో ముందే అడిగి రాయించుకోండి. ఉదాహరణకు అమలాపురంలో ఒకామె రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి వేసుకుంటోంది, వారానికి 7. పరీక్షలో గర్భమని తేలిన రోజు నుంచే వారానికి 9 వేసుకోమని డాక్టరు చెప్పి ఉంచారు: సోమ, గురువారాల్లో రెండేసి. గర్భంలో హార్మోన్ అవసరం పెరుగుతుంది కనుక పాత మోతాదు చాలదు. భయపడి మాత్ర మానేయడమే అసలు ప్రమాదం, గర్భస్రావం ముప్పు పెరుగుతుంది.

తర్వాత అయిదో నెల దాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్, 30వ వారం దగ్గర మరోసారి.

మాత్ర పరగడుపున మంచినీళ్లతోనే. కాఫీ, టిఫిన్ గంట తర్వాత. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు ఒంటికి పట్టదు, మాత్ర మానకపోయినా టీఎస్‌హెచ్ పెరుగుతూనే ఉంటుంది.

కాన్పయ్యాక మోతాదు డాక్టరు తగ్గిస్తారు. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష.