సగటు నింపే ముందు ఆగండి: సెమిస్టర్ ప్రాజెక్టులకు కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం హైదరాబాద్‌లో ఒక కాలేజీ వైవా. ఒకమ్మాయి కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీల్లో, ముషీరాబాద్ బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగి ఆదాయం, అద్దె మీద సర్వే చేసింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన ఆదాయం హిస్టోగ్రామ్ చూశారు. మధ్యలో తాటిచెట్టులా ఒకే ఒక్క కడ్డీ. "ఆదాయం చెప్పనివాళ్లు ఎవరమ్మా?" అన్నారు. చెప్పలేకపోయింది. ఖాళీ గడులన్నిటా సగటు నింపి అసలు ఫైలు మీదే సేవ్ చేసేసిందట. ప్రాజెక్టు వెనక్కొచ్చింది.

సబ్మిషన్ల సీజన్ కాబట్టి చెబుతున్నా. నేను చూసినంతలో పిల్లల్ని ముంచేది ఈ ఒక్క తప్పే: గడి ఎందుకు ఖాళీగా ఉందో చూడకుండా దాని మీద చెయ్యి వేయడం. తీసెయ్యడమా, నింపడమా అన్నది ఆ తర్వాతి మాట.

చిన్న లెక్క

ఎనిమిది కుటుంబాల నెల ఆదాయం, వేలల్లో: 20, 25, 30, 35, 40, 50, 80, 120. సగటు 50, స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 34. ఇప్పుడు 80, 120 ఉన్న ఇద్దరూ ఆదాయం చెప్పలేదనుకోండి. హైదరాబాద్‌లో డబ్బున్నవాళ్ల ఇంట్లో ఆ ప్రశ్న అడిగి చూడండి, మీకే తెలుస్తుంది.

లిస్ట్‌వైజ్ డిలీషన్ చేస్తే, అంటే ఖాళీ ఉన్న వరసల్ని మొత్తం తీసేస్తే, మిగిలిన ఆరుగురి సగటు 33.3. నగరం ఒక్కసారిగా పేదదైపోయింది. పోనీ సగటు నింపుదామా? నింపేది ఆ 33.3నే, కాబట్టి సగటు అక్కడే ఉంటుంది. పాత తప్పు పోలేదు, పైగా కొత్తది చేరింది. ఆరుగురితో 10.8 ఉన్న స్టాండర్డ్ డీవియేషన్ 9.1కి పడిపోతుంది. ఎనిమిది మంది ఉన్నట్టు లెక్కేస్తారు కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్ కూడా 4.4 నుంచి 3.2కి దిగుతుంది. తప్పు జవాబు మీద మీకు నమ్మకం పెరిగిందన్నమాట. రెంటిలో నాకు ఎక్కువ భయం దీన్ని చూస్తేనే.

తీసెయ్యడం ఎప్పుడు పనికొస్తుంది

ఖాళీలు కేవలం యాదృచ్ఛికంగా వచ్చినవైతే, ఉదాహరణకు కొన్ని ఫారాలు వానకు తడిసిపోతే, తీసేసినా సగటు ఒక పక్కకు ఒరగదు. శాంపిల్ చిన్నదవుతుందంతే. రిగ్రెషన్‌లో ఇంకొంచెం వెసులుబాటుంది: ఖాళీ రావడం మోడల్‌లో ఉన్న ఎక్స్‌ల మీదే ఆధారపడి, వాటిని లెక్కలోకి తీసుకున్నాక వై తో సంబంధం లేకపోతే, మోడల్ సరైనదైనంత వరకు స్లోప్ చెడదు. కానీ నిలువు వరసలు ఎక్కువైతే జాగ్రత్త. పది కాలమ్‌లలో ఒక్కోదాంట్లో 5 శాతం చొప్పున, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఖాళీలుంటే, దాదాపు 40 శాతం వరసలు ఎగిరిపోతాయి.

సగటు ఎక్కడ నింపారన్నదీ ముఖ్యమే

ఎక్స్ ఒక్కటే ఉన్న రిగ్రెషన్‌లో ఆ ఎక్స్ ఖాళీల్లో సగటు పెడితే స్లోప్ మారదు, తీసేస్తే ఎంతొస్తుందో అంతే వస్తుంది. "చూశారా, ఏమీ కాలేదు" అని మురిసిపోయేది ఇక్కడే. అదే వై ఖాళీల్లో పెడితే స్లోప్ సున్నా వైపు కుంగుతుంది. ఎక్స్‌లు రెండు మూడు ఉంటే, ఒకదాంట్లో నింపిన సగటు పక్కదాని కోఎఫిషియెంట్‌ని కూడా చెడగొడుతుంది.

ముందు ఇది చేయండి

```python
df["gap"] = df["income"].isna()
df.groupby("gap")["rent"].mean()
```

ఆదాయం చెప్పినవాళ్ల అద్దె 12 వేలు, చెప్పనివాళ్లది 35 వేలు వచ్చిందనుకోండి. ఖాళీలు యాదృచ్ఛికం కావని తేలినట్టే. అప్పుడు అద్దెను ఆధారం చేసుకుని, ఖాళీల్ని వేర్వేరు అంచనాలతో పలుసార్లు నింపి ఫలితాలు కలిపే మల్టిపుల్ ఇంప్యుటేషన్‌కి వెళ్లొచ్చు. ఒక్క చిక్కు: అద్దె ఒకటే ఉన్నవాళ్లలో కూడా ఆదాయం ఎక్కువున్నవాళ్లే దాస్తే, ఆ సంగతి ఈ డేటా మీకు చెప్పలేదు. అది సర్వే చేసిన మనిషికి తెలియాలి. రిపోర్టులో రాయాలి.

ఇక మిగతావి. అసలు ఫైలు ముట్టుకోవద్దు, కాపీ మీద పని చేయండి. `gap` కాలమ్ చివరిదాకా ఉంచండి. 0, -999, "చెప్పలేదు" అని రాసినవి కూడా ఖాళీలే కావచ్చు, ముందు వాటిని పట్టుకోండి. కాలమ్ చూడకుండా `dropna()` కొట్టొద్దు. సగటు ట్రెయిన్ డేటా నుంచే తీయండి, టెస్ట్ డేటా కలిపితే అది కాపీ కొట్టడమే. ఎన్ని వరసలు పోయాయో రిపోర్టులో రాయండి. ఎన్ని నింపారో రాయండి. రెండు పద్ధతుల ఫలితాలూ పక్కపక్కన పెట్టండి. సీనియర్ నోట్‌బుక్‌లోంచి `fillna` లైను ఎత్తుకురావద్దు. ఎందుకు ఖాళీయో చూడకుండా నింపొద్దు. చూడకుండా తీసెయ్యొద్దు. ఆ కారణం ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఆ కాలమ్ జోలికే పోవద్దు, ఫారాలు పట్టుకుని మళ్లీ కొండాపూర్ వెళ్లండి.