ఆడ్స్ రేషియోను తప్పు లేకుండా చదవడం ఎలా? బస్సులో వచ్చే విద్యార్థులు, బ్యాక్‌లాగ్‌ల లెక్క

శ్రీకాకుళం చుట్టుపక్కల డిగ్రీ, పీజీ ప్రాజెక్టుల్లో సర్వే అంటే దాదాపు ఒకటే తంతు. గూగుల్ ఫామ్ వాట్సాప్ గ్రూపులో పెడతారు, రెండు వందల మంది నింపుతారు, లాజిస్టిక్ రిగ్రెషన్ ఎవరిచేతో రన్ చేయిస్తారు. అంతవరకూ బాగానే ఉంటుంది. తీరా రిపోర్టు తెరిస్తే "బస్సులో వచ్చేవారికి బ్యాక్‌లాగ్ ఉండే అవకాశం 2.25 రెట్లు" అని రాసి ఉంటుంది. వైవాలో ఆ ఒక్క వాక్యం దగ్గరే బండి ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో, ఆగకుండా ఏం చేయాలో ఒక చిన్న లెక్క మీద చూద్దాం. ఇందులోని అంకెలు నిజమైన సర్వేవి కావు, చేత్తో సరిచూసుకోవడానికి వీలుగా నేను వేసినవి.

కావాల్సినవి

ఒక ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే ఆర్ సాఫ్ట్‌వేర్, అవును లేదా కాదు అని తేలిపోయే ఒక ప్రశ్న. మన ప్రశ్న: "మీకు ఇప్పుడు ఒక్క బ్యాక్‌లాగైనా ఉందా?" "అప్పుడప్పుడు", "చెప్పలేను" లాంటి ఆప్షన్లు పెట్టకండి. ఉందా, లేదా, అంతే. అవును, కాదుల్లో ఏది తక్కువ ఉంటే దాన్ని లెక్కపెట్టండి. మోడల్‌లో పెట్టే ఒక్కో అంశానికి అందులో కనీసం పది మందైనా ఉండాలన్నది పాత లెక్క. 200 మందిలో 15 మందికే బ్యాక్‌లాగ్ ఉంటే ఎనిమిది అంశాలు పెట్టి ప్రయోజనం లేదు.

కోడింగ్

ఉంది అంటే 1, లేదు అంటే 0. హాస్టల్‌కు 0, రోజూ బస్సులో వచ్చేవారికి 1. వేరే పద్ధతి వద్దు.

చాలామంది అవునుకు 1, కాదుకు 2 ఇస్తారు. ఎస్‌పీఎస్‌ఎస్ పెద్ద అంకెనే "జరిగింది" అనుకుంటుంది కాబట్టి, మీకు తెలియకుండానే అది బ్యాక్‌లాగ్ లేకపోవడాన్ని లెక్కగడుతుంది. అవుట్‌పుట్‌లో `Dependent Variable Encoding` అనే చిన్న పట్టిక ఉంటుంది, ఎవరూ చూడరు. అందులో ఏది 1 అయిందో చూసి కానీ కిందికి వెళ్లకండి.

ఆర్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఫామ్ తెలుగులో పెట్టి, "ఉంది", "లేదు" అన్న జవాబులను అలాగే ఫ్యాక్టర్‌గా మార్చారనుకోండి. ఆర్ వాటిని అక్షరక్రమంలో పేర్చి, మొదట వచ్చినదాన్ని "జరగలేదు" కింద తీసుకుంటుంది. ఉ ముందు, ల తర్వాత. కాబట్టి "లేదు" అన్నదే మీ ఫలితం అయిపోతుంది. ఇంగ్లిష్‌లో నో ముందు, యెస్ తర్వాత వస్తాయి కాబట్టి అక్కడ ఈ గొడవ ఉండదు. తిరగబడిందని ఎలా తెలుస్తుంది? 2.25 రావాల్సిన చోట 0.44 వస్తుంది, అంటే 1ని 2.25తో భాగిస్తే వచ్చేది. బస్సు ప్రయాణం మార్కులకు మేలు చేస్తోందని తేలితే సంబరపడకుండా ముందు కోడింగ్ చూడండి.

రన్ చేయడం

మన 200 మందిలో 100 మంది నరసన్నపేట, ఆమదాలవలస వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు, 100 మంది హాస్టల్‌లో ఉండేవారు. `low` అంటే ఇంటర్‌లో 60 శాతం కన్నా తక్కువ మార్కులు వచ్చినవారు.

```r
d <- data.frame(
  bus = c(1, 1, 0, 0),
  low = c(1, 0, 1, 0),
  yes = c(45, 15, 20, 20),
  no  = c(15, 25, 10, 50))
m1 <- glm(cbind(yes, no) ~ bus, binomial, d)
m2 <- glm(cbind(yes, no) ~ bus + low, binomial, d)
exp(cbind(coef(m1), confint.default(m1)))
exp(cbind(coef(m2), confint.default(m2)))
```

మోడల్ ఇచ్చే కోఎఫిషియెంట్ లాగ్ రూపంలో ఉంటుంది. `exp` వేస్తేనే ఆడ్స్ రేషియో. ఎస్‌పీఎస్‌ఎస్‌లో అది `Exp(B)` అనే నిలువు వరుసలో దొరుకుతుంది. మెనూలు నొక్కే పద్ధతి నాకు నచ్చదు. ఏది నొక్కామో వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు, గైడ్ అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. పైన ఉన్న తొమ్మిది లైన్లయితే ప్రింట్ తీసి రిపోర్టు చివర పెట్టేయొచ్చు.

చదవడం: అసలు చిక్కు ఇక్కడే

ఇక్కడ తొందరపడొద్దు. ముందు `m1` మాత్రమే చూడండి.

బస్సువారిలో 60 మందికి బ్యాక్‌లాగ్ ఉంది, 40 మందికి లేదు. 60ని 40తో భాగిస్తే 1.5. అదే ఆడ్స్. అంటే ఉన్నవారికీ లేనివారికీ మధ్య నిష్పత్తి, మొత్తంలో వాటా కాదు. హాస్టల్‌లో 40 మందికి ఉంది, 60 మందికి లేదు, ఆడ్స్ 0.67. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.25. మోడల్ ఇచ్చిందీ అదే.

ఇప్పుడు మామూలు మనిషి అడిగే ప్రశ్న అడగండి: బ్యాక్‌లాగ్ ఉండే అవకాశం ఎన్ని రెట్లు? నూటికి 60, నూటికి 40. అంటే ఒకటిన్నర రెట్లు. 2.25 కాదు. "అవకాశం 2.25 రెట్లు" అని రాసినవారు ఆడ్స్‌ను శాతంగా చదివేశారన్నమాట. దాన్నే "125 శాతం ఎక్కువ అవకాశం" అని రాసేవారూ ఉన్నారు, అది ఇంకా ఘోరం.

తేడా కొంచెమే కదా అనిపిస్తే ఇదే 2.25ను మరో రెండు చోట్ల పెట్టి చూడండి. ఒక కాలేజీలో హాస్టల్‌వారిలోనే నూటికి 80 మందికి బ్యాక్‌లాగ్ ఉందనుకుందాం. ఆడ్స్ 4. దాన్ని 2.25తో గుణిస్తే 9, అంటే నూటికి 90. ఆడ్స్ రేషియో 2.25 ఉన్నా అవకాశం పెరిగింది 1.125 రెట్లే. ఇక ఫలితం చాలా అరుదైనదనుకుందాం, ఉదాహరణకు చదువు మధ్యలో మానేయడం. హాస్టల్‌లో నూటికి 2 అయితే, అదే 2.25తో బస్సువారిలో సుమారు 4.4 అవుతుంది. అంటే దాదాపు 2.2 రెట్లు. ఇక్కడ మాత్రం ఆడ్స్ రేషియో, రెట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి.

అరుదైన జబ్బుల పరిశోధనల్లో ఆడ్స్ రేషియోను "ఇన్ని రెట్లు" అని చదివినా పెద్దగా చెల్లిపోయేది ఇందుకే. మన విద్యార్థులు ఆ పేపర్లు చూసి ఆ వాక్యాన్నే దించేస్తారు. బ్యాక్‌లాగ్ అరుదైనది కాదు. ఫలితం నూటికి పది దాటితే ఆ వాక్యం వాడొద్దు, ఇది నా దగ్గర ప్రాజెక్టు చేసేవారికి నియమం. హాస్టల్‌వారి శాతం పక్కన రాయకుండా ఆడ్స్ రేషియో ఒక్కటే రాస్తే నేను ఆ పేజీ వెనక్కి ఇచ్చేస్తాను. పైన చూశారుగా, ఒకే 2.25 మూడు రకాల కథలు చెప్పింది.

"ఇంత తలనొప్పి ఎందుకు సార్, కై స్క్వేర్ పెట్టేస్తే పోలా?" అంటారు. కై స్క్వేర్ తేడా ఉందో లేదో చెప్పి ఊరుకుంటుంది. ఎంత తేడానో చెప్పదు. పైగా ఇంటర్ మార్కులు ఒకేలా ఉన్నవారిని పోల్చి చూస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు.

ప్రయాణ సమయాన్ని నిమిషాల్లో పెట్టేవారికి ఒక మాట. ఆడ్స్ రేషియో 1.01 వస్తే "ప్రభావం లేదు" అని కొట్టేయకండి. అది ఒక్క నిమిషానికి. పల్లెవెలుగు బస్సులో గంట ప్రయాణానికి 1.01ని అరవై సార్లు గుణించాలి, 1.82 వస్తుంది. అరవైతో ఒకసారి గుణించడం కాదు.

రెండో అంశం చేర్చినప్పుడు

ఇప్పుడు `m2`. బస్సు ఆడ్స్ రేషియో 2.25 నుంచి 1.5కు దిగింది. తక్కువ మార్కులకు 5 వచ్చింది. పైన ఇచ్చిన డేటా చూస్తే కారణం కనిపిస్తుంది. బస్సువారిలో 60 మందికి ఇంటర్‌లో తక్కువ మార్కులు, హాస్టల్‌లో 30 మందికే. మొదటి మోడల్ బస్సు మీద వేసిన నిందలో కొంత ఇంటర్ మార్కులది.

1.5 అంటే ఏమిటి? ఇంటర్ మార్కులు ఒకే తరగతిలో ఉన్న ఇద్దరిని పోల్చినప్పుడు వచ్చే ఆడ్స్ రేషియో అది. తక్కువ మార్కులవారిలో బస్సుకు 45, 15, అంటే ఆడ్స్ 3. హాస్టల్‌కు 20, 10, అంటే 2. ఎక్కువ మార్కులవారిలో 0.6, 0.4. రెండు చోట్లా 1.5 రావడానికి కారణం నేను అంకెలు అలా వేయడమే. మీ సర్వేలో ఒక్కో గుంపుకు ఒక్కోలా ఉంటుంది, మోడల్ మాత్రం అందరికీ ఒకటే అనుకుని లెక్క వేస్తుంది. రెండు గుంపులనూ విడిగా చేత్తో ఒకసారి లెక్కగట్టి చూడండి. ఒకచోట 3, ఇంకోచోట 0.8 వస్తే ఆ ఒక్క అంకె ఎవరి గురించీ చెప్పడం లేదు. అప్పుడు సూత్రంలో `bus*low` అని పెట్టాలి.

2.25కూ 1.5కూ ఉన్న తేడా అంతా మార్కుల వల్లేనని కూడా రాయొద్దు. ఫలితంతో గట్టి సంబంధం ఉన్న అంశాన్ని చేర్చితే, అది బస్సు, హాస్టల్ గుంపుల్లో సమానంగా ఉన్నా ఆడ్స్ రేషియో కొంత కదులుతుంది. అది ఈ కొలతకున్న గుణం, శాతాల తేడాకు అది లేదు.

ఇక కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. `m1`లో 1.28 నుంచి 3.96 వరకు. `m2`లో 0.80 నుంచి 2.80 వరకు. రెండోదాని మధ్యలో 1 ఉంది. ఆడ్స్ రేషియోకు తేడా లేదనే గీత 1 దగ్గర ఉంటుంది, సున్నా దగ్గర కాదు. కాబట్టి మార్కులు లెక్కలోకి తీసుకున్నాక బస్సుకూ బ్యాక్‌లాగ్‌కూ సంబంధం ఉందని ఈ 200 మందితో చెప్పలేం. లేదనీ చెప్పలేం, 2.80 దాకా ఉండే వీలుంది మరి. "ప్రభావం లేదని రుజువైంది" అని రాసినవారు ఈ రెండో సగం మర్చిపోయినట్టే.

రిపోర్టులో రాయడం

మోడల్ నుంచి శాతాలు తీసుకోవడం ఒక్క లైను పని:

```r
d$p <- predict(m2, type = "response")
```

తక్కువ మార్కులవారిలో బస్సుకు 75 శాతం, హాస్టల్‌కు 66.7. ఎక్కువ మార్కులవారిలో 37.5, 28.6. ఇప్పుడు వాక్యం ఇలా రాయండి:

"ఇంటర్ మార్కులను పరిగణనలోకి తీసుకున్నాక, రోజూ బస్సులో వచ్చేవారికి బ్యాక్‌లాగ్ ఉండే ఆడ్స్ హాస్టల్‌వారితో పోలిస్తే 1.5 రెట్లు (95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.80 నుంచి 2.80). శాతాల్లో చూస్తే తేడా సుమారు 8 నుంచి 9 పాయింట్లు. ఈ శాంపిల్‌తో ఈ తేడాను ఖాయంగా చెప్పలేం."

"బస్సు వల్ల" అని ఎక్కడా రాయకండి. హాస్టల్ ఫీజు కట్టలేనివారే బస్సెక్కుతుంటే, ఆ ఇంటి పరిస్థితి మన ఫామ్‌లో అడగలేదు కాబట్టి మోడల్‌కు తెలియదు. ఫామ్ మీ వాట్సాప్ గ్రూపులో నింపిందే అయితే "జిల్లా విద్యార్థులు" అని కూడా రాయొద్దు. ఏ కాలేజీ, ఏ సంవత్సరం, పంపినవారిలో ఎంతమంది నింపారు అన్నవి ఆ వాక్యానికి ముందు పేరాలోనే ఉండాలి.