ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం రాదు

ఆరేళ్ల నాటి నా ల్యాప్‌టాప్ వీడియో కాల్ మొదలైన కాసేపటికే ఉన్నట్టుండి ఆరిపోయేది. బ్యాటరీ పోయిందనుకున్నాను. కానీ పది నిమిషాలు చల్లారనిస్తే మళ్లీ మామూలుగా పనిచేసేది. ఉష్ణోగ్రత చూస్తే, ఆరిపోయే ముందు 98 డిగ్రీలు. ఫ్యాన్ చప్పుడు బాగానే ఉంది; గాలి బయటికొచ్చే సందు దగ్గర టిష్యూ కాగితం పెడితే మాత్రం కదలలేదు.

ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము కొంచెమే. ఫ్యాన్ విప్పాకే అసలు సంగతి తెలిసింది: దానికీ, రాగి గొట్టం చివరనున్న సన్నని రేకులకూ మధ్య దుమ్ము కంబళి ముక్కలా పేరుకుపోయింది. బయటినుంచి ఎంత ఊదినా అది రాదు. పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా వచ్చింది! రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని మిగతాది బ్రష్‌తో దులిపాను.

ఆ గొట్టం, రేకులు కలిసిన హీట్‌సింక్‌ను కూడా విప్పితే, ప్రాసెసర్ వేడిని దానికి అందించే పాత థర్మల్ పేస్టు ఎండిన సున్నంలా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజలో సగమంత పెట్టాను. ఎక్కువైతే పక్కలకు కారడమే. హీట్‌సింక్ స్క్రూలను దానిమీద అచ్చువేసిన అంకెల వరుసలో కొంచెం కొంచెంగా బిగించాను.

ఇప్పుడు గంటసేపు కాల్ నడిచినా 74 డిగ్రీలు దాటలేదు. టిష్యూ ఎగిరి కింద పడింది.