ఇంట్లోకి పాము వస్తే – నాలుగో పాఠం: తలుపు వేయడం

మూడో పాఠంలో కట్లపాముకీ, అచ్చం దానిలాగే కనిపించే విషం లేని వుల్ఫ్ స్నేక్‌కీ తేడా చెప్పాను. కట్లపాముకి తెల్లచారలు మెడ దగ్గర కాకుండా కాస్త వెనక నుంచి మొదలై తోకవైపు స్పష్టంగా ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌కి మెడ దగ్గర బాగా కనిపించి తోకవైపు వెళ్ళేకొద్దీ మాసిపోతాయి. ఇంతవరకూ అందరికీ అర్థమైంది. అర్థమయ్యాక మీలో కొందరు చేసిన పని చదివితే నాకు ఒళ్ళు జలదరించింది. ఒకరు టార్చ్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని చారలు ఎక్కడ మొదలయ్యాయో చూశారట. ఇంకొకరు ఫోన్‌లో ఫోటో సరిగా రావడం లేదని పాముకి అడ్డంగా ఉన్న బకెట్ పక్కకి జరిపారు. కట్లపాముకి ఉన్నట్టు చారలు జతలుజతలుగా ఉన్నాయా అని చీపురుపుల్లతో తోక కదిపి చూసినవారు కూడా ఉన్నారు.

ఆ పాఠం దూరం నుంచి తీసిన ఫోటో చూసి చెప్పడానికి, లేదా పామును పట్టేవారికి ఫోన్‌లో వర్ణించడానికి. గడప దగ్గర నిలబడి ఉన్నవాడికి దానితో పనిలేదు. కట్లపాము వయసు మీరితే ముందువైపు చారలు కనబడవు, తడిసి మెరిస్తే అస్సలు కనబడవు. నా లెక్క చాలా మొరటుగా ఉంటుంది: రాత్రిపూట ఇంట్లో నున్నగా మెరిసే నల్లపాము కనిపిస్తే అది కట్లపామే. తర్వాత వుల్ఫ్ స్నేక్ అని తేలితే తేలనీ, నాకేం నష్టం లేదు.

కాబట్టి ఈసారి గుర్తుపట్టడం పక్కనపెట్టి, బాత్రూమ్‌లో పాము కనిపించిన మొదటి రెండు నిమిషాల గురించే చెప్తాను. పెరడు గురించి చివర్లో కొంచెం ఉంటుంది, ఎందుకంటే పెరట్లో చేయాల్సింది చాలా తక్కువ.

గోదావరి జిల్లాల నుంచి ఒకాయన రాసిన సంగతి తీసుకుందాం. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. కోడలు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి లైట్ వేసింది. కుళాయి కింద నీలం బకెట్ వెనక నల్లటి తోక కనిపించింది. అరిచింది. భర్త పరుగెత్తుకొచ్చి, సింక్ కింద ఉన్న ఫినాయిల్ సీసా తీసి గడప దగ్గర నుంచే బకెట్ మీదకి కుమ్మరించాడు. పాము ఒక్కసారి కొట్టుకుంది. టైల్స్ మీద పట్టు దొరక్క మెలికలు తిరుగుతూ ముందుకొచ్చింది. అతను కూడా అరిచి వెనక్కి గెంతాడు. మళ్ళీ చూసేసరికి పాము లేదు. తూము మీద జాలీ ఉండాల్సిన చోట లేదు. వెంట్రుకలు అడ్డం పడుతున్నాయని ఎవరో ఎప్పుడో తీసి గోడకి ఆనించారు, అది అక్కడే ఉంది. తూములో ఇటుక ముక్క పెట్టి ఇంటిల్లిపాదీ డాబా మీద పడుకున్నారు. పొద్దున్న తూము నీళ్ళు బయటపడే చోట, బట్టలుతికే బండ కింద పాము దొరికింది. ఆ బండ దగ్గర రోజూ తెల్లవారుజామునే పనిమనిషి చెప్పుల్లేకుండా నిలబడుతుంది.

ఇప్పుడు అదే రాత్రి, అదే బకెట్. కోడలు తోక చూసింది. లైట్ అలాగే ఉంచాలి. పాము మీద నుంచి చూపు తిప్పకుండా, వచ్చిన దారినే రెండడుగులు వెనక్కి వేసి గడప దాటాలి. గడప దాటాక తలుపు వేయాలి. చప్పుడవుతుందా లేదా అన్నది ముఖ్యం కాదు, వేయడం ముఖ్యం. తలుపు కింద సందు ఉంటే మందపాటి తువ్వాలు తడిపి చుట్టి, బయటి నుంచి చీపురు కర్రతో సందులోకి గట్టిగా నెట్టాలి, చేత్తో మాత్రం కాదు. తడి గుడ్డ బరువుగా నేలకి అతుక్కుంటుంది, పొడిగుడ్డని పాము తోసుకుని వచ్చేయగలదు. తర్వాత ఇంకొకరు టార్చ్ తీసుకుని ఇంటి వెనక్కి వెళ్ళి, తూము నీళ్ళు బయటకొచ్చే చోటికి దూరంగా నిలబడి కాపలా కాయాలి. కాళ్ళకి బూట్లుంటే వేసుకోవాలి. అప్పుడు ఫోన్ చేయాలి.

ఇంతే. పాము ఎక్కడుందో మీకు తెలిసి ఉండటమే ఈ పనంతటికీ ఫలితం. పామును పట్టేవారు వచ్చేదాకా అరగంట పట్టినా, రెండు గంటలు పట్టినా ఆ గదిలోనే ఉందన్న నమ్మకం ఉంటుంది. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు ఉన్నారు. మిగతా చోట్ల అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అడిగితే పట్టేవారి నంబర్ ఇస్తారు. వచ్చిన మనిషి గుంపు పోగేసి, పామును మెడలో వేసుకునే రకమైతే మర్యాదగా పని చేయించి పంపేయండి, మళ్ళీ పిలవద్దు. కొక్కెం, గొట్టం, సంచీ తెచ్చుకుని, ముందు అందరినీ బయటికి వెళ్ళమనే మనిషి దొరికితే ఆ నంబర్ దాచుకోండి.

మీలో ఒకరు అడిగారు: పిల్లాడు లోపలే ఉండి, వాడికీ తలుపుకీ మధ్యలో పాము ఉంటేనో? అప్పుడు పై పద్ధతి తిరగబడుతుంది. పిల్లాడు పాముకి వీలైనంత దూరంగా, గోడకి ఆనుకుని కదలకుండా నిలబడాలి. కుదిరితే మూతేసిన కమోడ్ ఎక్కాలి. బయటివాళ్ళు మిగతా గదుల తలుపులన్నీ వేసి, బాత్రూమ్ తలుపు, వీధి తలుపు రెండూ బార్లా తెరిచి, ఆ దారిలోంచి తప్పుకోవాలి. కర్ర పట్టుకుని లోపలికి వెళ్తే పాము వెనక్కి తిరిగేది పిల్లాడి వైపే.

ఇప్పుడు ఫినాయిల్ సంగతి. ఇది నాకు ఒళ్ళుమండే విషయం కాబట్టి కాస్త సాగదీస్తాను.

ఫినాయిల్, కిరోసిన్, వేడినీళ్ళు, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్: పాము మీద ఏది పోసినా జరిగేది ఒకటే. దానికి మంట పుట్టి, ఉన్నచోటు వదిలేస్తుంది. ఎటు వెళ్తుందో మీరు చెప్పలేరు. పాముకి నేల గరుకుగా ఉంటేనే కదలిక కుదురుతుంది. నున్నటి టైల్ మీద ఫినాయిల్ పడ్డాక అది ఉన్నచోటే మెలికలు తిరుగుతుంది, అటూ ఇటూ జారుతుంది. చూసేవాళ్ళకి మీదకి దూకుతున్నట్టు ఉంటుంది. దాంతో ఎవరో ఒకరు కర్ర తీస్తారు. కరిచేది ఎక్కువగా అక్కడే. కిరోసిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్‌లో అది పోస్తే పాముకన్నా ముందు ఇల్లు అంటుకోవచ్చు.

ఇంకొందరు పాము రాకముందే ఇంటి చుట్టూ పోస్తారు. కార్బాలిక్ యాసిడ్ సీసాలు కిటికీలకి కడతారు, వెల్లుల్లి నీళ్ళు చల్లుతారు, ఉప్పుగీత గీస్తారు, నాఫ్తలీన్ ఉండలు మూలల్లో పడేస్తారు. వీటిలో ఏదీ పామును ఆపదు. ఎలక వాసన పట్టుకుని వచ్చే పాము ఆ గీత మీదుగానే వస్తుంది. కార్బాలిక్ యాసిడ్ మన చర్మాన్ని బాగా కాలుస్తుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ సీసా దగ్గరకే రానివ్వకండి. ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. చల్లిన ఇంట్లో రాత్రి టార్చ్ వాడటం మానేస్తారు. "చల్లాం కదా" అంటారు. ఆ డబ్బుతో తూముకి స్టీలు జాలీ కొని, నాలుగు స్క్రూలతో బిగించండి. ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ కావాల్సి వస్తే ఎవరూ ఊరికే తీసి గోడకి ఆనించరు.

చంపడం గురించి రెండు మాటలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అది అలా ఉంచండి. పామును కొట్టాలంటే కర్రంత దూరానికి వెళ్ళాలి. పాము తన పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా ముందుకు విసురుతుంది. తల తెగిపడ్డాక కూడా చాలాసేపు అది కరవగలదు, అందుకే చచ్చిన పామును చేత్తో పట్టుకుని చూపించకండి.

పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇంకో చిక్కు ఉంటుంది. నాగుపాము పడగ విప్పితే అమ్మమ్మ పసుపు, కుంకుమ, పాలగిన్నె తెస్తుంది. పాము పాలు తాగదని ఆవిడతో వాదనకి దిగొద్దు, టైమ్ దండగ. "దూరం నుంచే దణ్ణం పెట్టుకో అమ్మమ్మా, దగ్గరికి వెళ్తే స్వామికి కోపం వస్తుంది" అనండి. నేను వాడేది అదే మాట, ప్రతిసారీ పనిచేసింది.

పెరట్లో అయితే మనుషులనీ కుక్కనీ లోపలికి తెచ్చి, పది పదిహేను అడుగుల దూరం నుంచి ఒక్కరే చూస్తూ ఉండండి. ఎక్కువసార్లు అది ఏ జెర్రిపోతో అయి ఉంటుంది, దాని దారిన అది పోతుంది. కట్టెల మోపులోనో, కోళ్ళగూటిలోనో దూరితే మాత్రం కదపకుండా పట్టేవారిని పిలవండి.

కాటు గురించి వచ్చే పాఠం మొత్తం ఉంది. కానీ ఈలోపు అవసరం పడొచ్చు కాబట్టి ఒక్కటి చెప్పేస్తాను. కట్లపాము కోరలు చిన్నవి. కరిస్తే నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, గాటు కూడా కనిపించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి, ఆ తర్వాత ఊపిరి కండరాలు పడిపోతాయి. పాము తగిలిందన్న అనుమానం వచ్చినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి. తాడు కట్టొద్దు, కోయొద్దు, పసరు పోయొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచండి, ఉంగరాలు, గాజులు తీసేయండి.

అభ్యాసం. ఈసారి సులువుగా వదలను.

రాత్రి లైట్లన్నీ ఆర్పి ఒకరు బాత్రూమ్‌లో టార్చ్ వెలిగించి తలుపు వేసుకోండి, ఇంకొకరు బయట నేల మీద కూర్చుని వెలుగు ఎక్కడెక్కడ నుంచి వస్తుందో చూడండి. చిటికెన వేలు దూరే సందు ఉంటే అక్కడ రబ్బరు పట్టీ వేయించండి. మూడో పాఠం అభ్యాసంలో అందరూ "మా తలుపు బాగానే ఉంది" అని రాశారు, ఈసారి స్కేలు పెట్టి కొలిచి రాయండి.

రెండోది, పాము లేని రోజున అటవీశాఖకి ఫోన్ చేసి, మీ ఊరికి వచ్చే మనిషి నంబర్ తీసుకోండి. ఆ మనిషితో ఒకసారి మాట్లాడి, రాత్రిళ్ళు వస్తారా, ఎంతసేపు పడుతుంది అని అడగండి.

మూడోది, మీకు దగ్గరలోని ఆసుపత్రులకి స్వయంగా వెళ్ళి, పాము విషానికి ఇచ్చే ఇంజెక్షన్ రాత్రిపూట ఉంటుందా, వెంటిలేటర్ ఉందా అని కనుక్కోండి. రెండూ ఉన్న ఆసుపత్రి పేరు, అక్కడికి దారి కాగితం మీద రాసి, ఇంట్లో అందరికీ కనిపించేలా ఫ్రిజ్ మీద అంటించండి. అంటించిన కాగితం ఫోటో లేకుండా పంపిన జవాబులు నేను చూడను.