ట్రేడింగ్ డైరీ ఎలా రాయాలి?

పొడుగు నోటుబుక్కు ఒకటి, నీలం పెన్ను ఒకటి చాలు. ఎక్సెల్ వద్దు. అందులో గడి మార్చేస్తే పైకి కనిపించదు, పుస్తకంలో కొట్టివేత కనిపిస్తుంది. తేదీ, టైము, షేరు, సెటప్, కొనే ధర, స్టాప్‌లాస్, టార్గెట్, ఎన్ని షేర్లు, మనసు, ఫలితం అని గళ్ళు గీయండి. సెటప్ పేర్లు నాలుగు దాటితే తర్వాత లెక్క తేలదు.

ఇక అందరూ పాడుచేసేది మనసు గడి. సాయంత్రం మూడున్నరకి మార్కెట్ మూసేశాక కూర్చుని రాస్తారు. అప్పటికి ఫలితం తెలిసిపోయి ఉంటుంది. లాభం వస్తే ‘నమ్మకంగా కొన్నాను’ అనీ, నష్టం వస్తే ‘ముందే అనుమానం వచ్చింది’ అనీ రాసేస్తారు. రెండూ నిజం కావు. మా భీమవరం వైపు రొయ్యల రైతు మేత వేసిన రెండు గంటలకే చెక్ ట్రే ఎత్తి చూసి, మిగిలిన మేత అక్కడే రాసుకుంటాడు. పట్టుబడి రోజున గుర్తు చేసుకుని రాస్తే ఆ లెక్క ఎందుకు పనికొస్తుంది?

కాబట్టి ఆర్డర్ పెట్టకముందే రాయాలి. ‘భయం’, ‘ఆశ’ లాంటి మాటలు కాదు, బుర్రలో తిరుగుతున్న వాక్యం ఉన్నదున్నట్టు రాయాలి. నా పుస్తకంలో ఒక పేజీ చూడండి. ఉదయం 10:40. కొనే ధర 412, స్టాప్‌లాస్ 408, టార్గెట్ 420, 100 షేర్లు. అంటే ఒప్పుకున్న నష్టం 400 రూపాయలు. మనసు గడిలో: ‘ఇందాక పోయిన 600 ఇందులో లాగేయాలి.’ ధర 408 దగ్గరికి రాగానే స్టాప్‌లాస్ 405కి దించాను. చివరికి 404.50కి అమ్మాను. ఛార్జీలు కాక 750 పోయింది.

ఫలితం గడిలో రూపాయలతో ఆగొద్దు. ఒప్పుకున్న నష్టానికి ఎన్ని రెట్లు పోయిందో రాయండి. ఇక్కడ 750ని 400తో భాగిస్తే దాదాపు 1.9. స్టాప్‌లాస్‌కి కట్టుబడిన ట్రేడులో ఇది 1 దగ్గరే ఉండాలి. మార్కెట్ గ్యాప్‌తో తెరుచుకోకుండానే అంతకు బాగా మించిందంటే, చెయ్యి ఆగలేదన్నమాట.

నలభై ట్రేడులయ్యాక ఒక ఆదివారం కూర్చోండి. సెటప్ వారీగా చూసేవాళ్ళే ఎక్కువ, నేను మాత్రం మనసు గడితోనే మొదలుపెడతాను. ‘లాగేయాలి’ అన్న మాట ఉన్న వరుసలన్నిటి కిందా గీత గీశాను. అన్నీ నష్టం వచ్చిన అరగంటలోపు పెట్టినవే, సెటప్ గడిలో మాత్రం రకరకాల పేర్లున్నాయి. అంటే తప్పు సెటప్‌ది కాదు. అప్పటినుంచి నష్టం వచ్చాక అరగంట ఆర్డర్ పెట్టను. ఆ అరగంట ఎప్పుడు మొదలైందో కూడా టైము గడిలోనే రాస్తాను.