కూలర్ పంపు తిరుగుతున్నా గడ్డి తడవకపోతే ఏం చేయాలి?

డెజర్ట్ కూలర్ వేసినప్పుడు ఫ్యాను బాగానే తిరుగుతూ, అడుగున తొట్టిలోంచి పంపు సన్నగా గుర్రుమంటూ, గాలి మాత్రం వేడిగా వస్తూ ఉంటే, పక్క తలుపు తీసి గడ్డిని తాకి చూడక ముందే సంగతి అర్థమవుతుంది. పంపు శబ్దం వల్ల మోటారుకు కరెంటు అందుతోందని తెలుస్తుందే గానీ, నీళ్లు పైకి ఎక్కుతున్నాయని తెలియదు. తొట్టి నుంచి గడ్డి దాకా నీటి దారిలో అడ్డుపడగల చోట్లు మూడే ఉన్నాయి: పంపు లోపల నీటిని తోసే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, నీటిని పైకి తీసుకెళ్లే పైపు, పైన నీటిని నాలుగు వైపులకూ పంచే డిస్ట్రిబ్యూటర్ రంధ్రాలు. ఈ మూడింటిలో ఏది మూసుకుపోయిందో తేల్చుకోకుండా కొత్త పంపు కొని తెచ్చేవారే ఎక్కువ. లోపం పైన రంధ్రాల్లో ఉంటే కొత్త పంపు పెట్టినా గడ్డి పొడిగానే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్ పూర్తిగా ఊడదీయాలి. స్విచ్ తప్పుగా న్యూట్రల్ తీగకు వేసి ఉంటే, అది ఆపినా పంపులో కరెంటు ఉంటుంది. ఇనుప బాడీ ఉన్న కూలర్లలో, అందులోనూ నీళ్లలో చేయి పెట్టే పనిలో, ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందుగా తొట్టిలో పంపు పూర్తిగా మునిగేటన్ని నీళ్లున్నాయో లేదో చూడాలి. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు పంపు వేసి, ఆ తర్వాత తొట్టి నింపితే లోపల గాలి బుడగ చిక్కుకుని, ఇంపెల్లర్ తిరుగుతున్నా నీళ్లు ఎక్కవు. ప్లగ్ తీసి ఉండగానే పంపును నీళ్లలోనే అటూ ఇటూ వంచితే బుడగలు బయటికి వస్తాయి. కొన్నిసార్లు మరమ్మతు ఇంతటితోనే అయిపోతుంది.

అలా కాకపోతే బకెట్ పరీక్ష చేయాలి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర పైపు చివరను ఊడదీసి, పంపును పైపుతో సహా బయటికి తీసి, నీళ్లు నింపిన ప్లాస్టిక్ బకెట్‌లో ముంచాలి. పైపు చివరను చేత్తో పట్టుకోకుండా, కూలర్ పైభాగం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తున పొడి కర్రకు కట్టి, దాని కింద సీసా పెట్టిన తర్వాతే ప్లగ్ పెట్టాలి. నీళ్లు జోరుగా వస్తే పంపు, పైపు రెండూ బాగున్నట్టే, లోపం డిస్ట్రిబ్యూటర్‌లో ఉన్నట్టు. సన్నగా కారితే మళ్లీ ప్లగ్ తీసి, పైపు విప్పేసి, పంపును మాత్రమే మునిగేలా పెట్టి నడిపి చూడాలి. పంపు మూతి దగ్గర నీళ్లు బలంగా పొంగుతుంటే ముందు పైపును అనుమానించాలి, అక్కడ కూడా నీరసంగా కదులుతుంటే ఇంపెల్లర్‌ను.

మా ఇంటి కూలర్‌కు మూడు వేసవులుగా బోరు నీళ్లే పోస్తున్నాము. మొన్న ఈ పరీక్ష చేసినప్పుడు నాలుగడుగుల ఎత్తున లీటరు సీసా నిండడానికి నిమిషం పైగా పట్టింది. పైపు విప్పి చూస్తే పంపు మూతి దగ్గరే నీళ్లలో ఊపు లేదు. పంపు ముందున్న జాలి మూత, దాని వెనకనున్న చిన్న ప్లాస్టిక్ మూత తీస్తే ఇంపెల్లర్ కనిపించింది. ఇది అయస్కాంతానికి అతికి ఉంటుంది కాబట్టి లాగినప్పుడు లోపలికే గుంజుకుంటుంది; అదేదో ఇరుక్కుందని భయపడకుండా, వంచకుండా, నిటారుగా లాగితే వచ్చేస్తుంది. మా పంపులో కూలర్ గడ్డి పోచ ఒకటి ఇరుసుకు నాలుగు చుట్లు చుట్టుకుని, దాని మీద తెల్లని గార పేరుకుపోయి ఉంది. పోచను సూదితో తీసి, ఇంపెల్లర్‌ను, అది కూర్చునే గుంతను పాత టూత్ బ్రష్‌తో తోమాము. గార వదలకపోతే లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, విడి భాగాలను గంట సేపు నానబెడితే మెత్తబడుతుంది. బాత్‌రూం కడిగే ఆసిడ్ మాత్రం వాడకూడదు. అది రబ్బరు బుష్‌లను, తొట్టి రేకును తినేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇలాంటి చిన్న పంపుల్లో చాలావాటిలో రెక్కల భాగం అయస్కాంతం మీద సుమారు సగం చుట్టు వదులుగా తిరిగి, ఆ తర్వాత ఆగుతుంది. మోటారు సులువుగా మొదలవడానికి తయారీలోనే అలా పెడతారు, అది లోపం కాదు. ఎక్కడా ఆగకుండా గుండ్రంగా తిరిగిపోతుంటే మాత్రం లోపలి పట్టు విరిగినట్టు. అప్పుడు శబ్దం వస్తుంది, నీళ్లు రావు. రెక్క విరిగినా, ఇరుసు వంగినా అదే కొలత ఇంపెల్లర్ దొరికితే మార్చవచ్చు. పంపు ఒంటిమీద పగుళ్లు కనిపించినా, ఎప్పుడైనా తొట్టి నీళ్లు తాకితే జివ్వుమని షాక్ కొట్టినా టేపు చుట్టి వాడుకునే ప్రయత్నం చేయకుండా పంపునే మార్చాలి.

పైపు సంగతి తేలిక. మడత పడే చోటు సాధారణంగా పంపు మూతి పక్కన గానీ, పైన మలుపులో గానీ ఉంటుంది. పొడవు ఎక్కువై వేలాడుతున్న పైపును కాస్త కత్తిరిస్తే మడత పోతుంది. తెల్లని పారదర్శక పైపులకు వెలుతురు తగిలి లోపల పచ్చని పాచి పడుతుంది. దారానికి గుడ్డ పీలిక కట్టి ఒక చివర నుంచి మరో చివరకు లాగితే అది వస్తుంది. పాచి కాకుండా గట్టి గార పట్టి ఉంటే గీకుతూ కూర్చోవడం కన్నా, లోపలి వెడల్పు తగ్గకుండా చూసుకుని కొత్త పైపు ముక్క కొనడమే మేలు.

మా పంపు శుభ్రం చేశాక లీటరు సీసా పది సెకన్లలోపే నిండింది. అంతా బిగించి నడిపితే మూడు వైపుల గడ్డి తడిసింది, ఎడమ వైపు మాత్రం పొడిగా మిగిలింది. గడ్డి పట్టీ ఊడదీసి పైనున్న నీటి కాలువను చూస్తే, రంధ్రాల చుట్టూ ఉప్పు గడ్డ కట్టి, సగానికి పైగా మూసుకుపోయి ఉన్నాయి. వీటిని రంధ్రంలో వదులుగా పట్టే సైకిల్ పుల్లతో పొడిచి తెరవాలి. రంధ్రాలను మేకుతో పెద్దవి చేయడం పొరపాటు. అలా చేస్తే పైపుకు దగ్గరగా ఉన్న మొదటి రెండు మూడు రంధ్రాల్లోంచే నీళ్లన్నీ దిగిపోయి, చివరి రంధ్రాలకు చుక్క కూడా చేరదు. అన్నీ తెరుచుకున్నా ఒక పక్కే పొడిగా ఉంటే కూలర్ ఒరిగి ఉందేమో చూడాలి. కాలువలో గిన్నెడు నీళ్లు పోస్తే అవి ఏ వైపు పరుగెత్తుతాయో కళ్లముందే తెలుస్తుంది. మా కూలర్ ఎడమ చక్రాల కింద కొంచెం ఎత్తు ఎక్కువైంది, కుడి వైపు చక్రాల కింద చెక్క ముక్క పెట్టాల్సి వచ్చింది.

చివరగా గడ్డి పట్టీలు పెట్టి, ఫ్యాను వేయకుండా పంపు ఒక్కటే పది నిమిషాలు నడపాలి. ఆ తర్వాత ప్లగ్ తీసి, ప్రతి పట్టీని పైన, మధ్యలో, కింద, రెండు అంచుల్లో వేలితో నొక్కి చూడాలి. పైన తడిగా, కింద పొడిగా ఉంటే ఇంకో పది నిమిషాలు నడపాలి, ఎందుకంటే కొత్త గడ్డి నీళ్లు పట్టడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. పై నుంచి కింది దాకా నిలువు చారలా పొడిగా కనిపిస్తే మాత్రం, సరిగ్గా ఆ చార పైనున్న రంధ్రం ఇంకా మూసుకునే ఉందన్నమాట.